అందరికంటే పొట్టి ఎవరు? పోలికల లెక్కను కొట్టివేతతో తేల్చే పద్ధతి

అయిదారుగురి పేర్లిచ్చి, వాళ్లలో ఎవరి కంటే ఎవరు పొడుగో నాలుగు వాక్యాల్లో చెప్పి, చివర్లో "అందరికంటే పొట్టి ఎవరు?" అని అడిగే లెక్క రీజనింగ్ పరీక్షల్లో తరచూ కనిపిస్తుంది. దీనికి చాలామంది అందర్నీ ఒకే వరుసలో నిలబెట్టే ప్రయత్నం చేస్తారు. వాక్యాలు ఒకదాని కొసకు ఒకటి తగులుతూ వస్తే ఇబ్బంది లేదు. ఒక్క మనిషి రెండు మూడు చోట్ల ఇమిడేలా ఉంటే మాత్రం పెన్ను అక్కడే ఆగిపోతుంది. అతణ్ని ఎక్కడ పెట్టాలో తేలక లెక్కే తప్పేమో అనిపిస్తుంది.

అడిగింది పొట్టి ఎవరని మాత్రమే. దానికి వరుసంతా తెలియక్కర్లేదు. ఎవరు పొట్టి కాలేరో వాళ్లను కొట్టేసుకుంటూ పోతే, మిగిలినవాళ్లను బట్టి జవాబు తేలిపోతుంది. బరువు లెక్కలో అందరికంటే తేలిక ఎవరో కనుక్కోవడానికీ ఇదే పద్ధతి.

ముందు పేర్లు, ఆ తర్వాతే వాక్యాలు

లెక్క మొదట్లో ఇచ్చిన పేర్లన్నీ కాగితం మీద ఒక పక్కన వరుసగా రాసుకోండి. మొదటి అక్షరం చాలు. ఇద్దరి పేర్లు ఒకే అక్షరంతో మొదలైతే రెండేసి అక్షరాలు రాయండి. ఈ జాబితాను వాక్యాల్లోంచి ఏరుకోకండి, మొదట్లో ఇచ్చిన పేర్లలోంచే తీసుకోండి. కొన్ని లెక్కల్లో మొదట ఆరుగురని చెప్పి, వాక్యాల్లో అయిదుగురినే వాడతారు. వాక్యాలు చూసి జాబితా రాసుకుంటే ఆ ఆరో మనిషి మీ కాగితం మీదకే రాడు, తప్పు జవాబు చాలా నమ్మకంగా వచ్చేస్తుంది.

ప్రతి వాక్యాన్నీ ఒకే గుర్తులోకి మార్చండి

ఎప్పుడూ > గుర్తు ఒక్కటే వాడండి. గుర్తు నోరు తెరుచుకున్న ఎడమ వైపు పొడుగైనవాళ్లు, మొన ఉన్న కుడి వైపు పొట్టివాళ్లు. వాక్యంలో "పొట్టి" అని ఉంటే < రాయాలనిపిస్తుంది, కానీ రాయకండి. పేర్లు తారుమారు చేసి > తోనే రాయండి. రెండు గుర్తులూ కలిపి వాడితే కొట్టివేత దగ్గర ఎటువైపు చూడాలో ప్రతిసారీ ఆలోచించాల్సి వస్తుంది, తప్పులు అక్కడే దొర్లుతాయి.

ఇక వాక్యం చదవడం. "రమ కంటే గోపి పొడుగు" అన్నప్పుడు కొలత రమది, మాట గోపి గురించి. "కంటే"కు ముందున్న పేరును వేలితో మూసి మిగతాది చదవండి. "గోపి పొడుగు" అని వినిపిస్తుంది. అంటే గోపి ఎడమ వైపు, రమ కుడి వైపు: గో > ర. "గోపి రమ కంటే పొడుగు" అని తిప్పి రాసినా మూయాల్సింది "కంటే"కు ఆనుకుని ఉన్న రమనే కాబట్టి ఫలితం మారదు. వాక్యంలో ముందు వచ్చిన పేరును ఎడమ వైపు రాసే అలవాటు ఉంటే మొదటి రకం వాక్యం ప్రతిసారీ తలకిందులవుతుంది. ఇలాంటి లెక్కల్లో జరిగే పొరపాట్లలో ఎక్కువ వాటా దీనిదే.

"కానీ" ఉన్న వాక్యంలో రెండు పోలికలుంటాయి. "సోము గోపి కంటే పొట్టి, కానీ లత కంటే పొడుగు" అంటే రెండో ముక్కలో కూడా మాట సోము గురించే. లతను గోపితో పోల్చడం లేదు. ఇలాంటి వాక్యంలో ఎవరి గురించి చెబుతున్నారో ఆ పేరు మధ్యలో పెట్టి రెండు పక్కలా రాస్తే సరిపోతుంది: గో > సో > ల.

"కాదు" దగ్గర మాత్రం కాస్త ఆగాలి. "లత హరి అంత పొడుగు కాదు" అంటే లత పొట్టి, అనుమానం లేదు: హ > ల. "లత హరి కంటే పొడుగు కాదు" అన్నది అలా కాదు. లత హరి కంటే పొట్టి అయినా కావచ్చు, ఇద్దరూ సమానమైనా కావచ్చు. "అందరి ఎత్తులూ వేరు వేరు" అని లెక్కలో ఉంటే సమానం అనేది పోతుంది కాబట్టి హ > ల అని రాసేయొచ్చు. ఆ మాట లేకపోతే హ ≥ ల అని రాసి, ఆ గీత ఆధారంగా హరిని కొట్టేయకుండా ఉంచండి.

కొట్టివేత

అన్ని వాక్యాలూ గుర్తుల్లోకి వచ్చాక పేర్ల జాబితా దగ్గరకు రండి. ఏదైనా > గుర్తుకు ఎడమ పక్కన ఒక్కసారి కనిపించినా ఆ పేరు కొట్టేయండి. ఆ మనిషి కంటే పొట్టివాళ్లు కనీసం ఒకరున్నట్టు ఇప్పటికే రాతపూర్వకంగా ఉంది కాబట్టి అతను అందరికంటే పొట్టి అయ్యే అవకాశం లేదు. గో > సో > ల వంటి మూడు పేర్ల గీతలో గోపితో పాటు సోము కూడా పోతాడు, ఎందుకంటే సోముకు కుడి పక్కన గుర్తు ఉంది. చివరి పేరు ఒక్కటే ఆ గీతలో బతుకుతుంది, అదీ ఇంకో గీతలో ఎడమ వైపు రానంతవరకే.

తర్వాత కొట్టేయని పేర్లు లెక్కపెట్టండి.

- ఒక్కరే మిగిలితే వాళ్లే అందరికంటే పొట్టి.
- ఇద్దరు లేదా అంతకంటే ఎక్కువమంది మిగిలితే ఇచ్చిన సమాచారంతో చెప్పలేం.
- ఒక్కరూ మిగలకపోతే మీరు ఏదో వాక్యం తిప్పి రాశారు.

ఒక్కరే మిగిలితే జవాబు ఖాయమని ఎలా అనగలం, అతణ్ని అందరితోనూ పోల్చలేదు కదా అనిపించవచ్చు. కొట్టేసిన ఎవరినైనా తీసుకోండి. వాళ్ల కింద ఎవరో ఉన్నారు. ఆ కిందివాళ్లు కూడా కొట్టేసినవాళ్లయితే వాళ్ల కింద ఇంకొకరుంటారు. ఇలా దిగుతూ పోతే వచ్చిన మనిషి మళ్లీ రాడు, ఎందుకంటే తన కంటే తాను పొట్టి కాలేడు. మనుషులు కొద్దిమందే కాబట్టి ఎక్కడో ఆగాలి, ఆగేది కొట్టేయని పేరు దగ్గరే. అలాంటి పేరు ఒక్కటే ఉంటే ఎవరి నుంచి దిగినా అక్కడికే చేరతాం.

మూడో సంగతీ ఇందులోంచే వస్తుంది. అందరూ కొట్టివేతకు గురయ్యారంటే దిగుతూ పోయినా ఆగే చోటు లేదు, అంటే మీ గీతలు చుట్టూ తిరిగి మొదటికి వస్తున్నాయి. గో > ర, ర > హ, హ > గో లాంటిది ఎక్కడో ఉంది. లెక్క ఇచ్చినవాళ్లు తప్పు చేయడం అరుదు. ముందుగా "పొట్టి" అన్న మాట ఉన్న వాక్యాలు మళ్లీ చదవండి.

ఒక లెక్క పూర్తిగా

గోపి, రమ, సోము, లత, హరి, మణి ఆరుగురు. ఎత్తులన్నీ వేరు వేరు.

1. రమ కంటే గోపి పొడుగు.
2. లత హరి అంత పొడుగు కాదు, కానీ మణి కంటే పొడుగు.
3. రమ కంటే హరి పొట్టి.
4. సోము గోపి కంటే పొట్టి, కానీ లత కంటే పొడుగు.

గుర్తుల్లోకి మారిస్తే ఇలా వస్తుంది:

```
గో > ర
హ > ల > మ
ర > హ
గో > సో > ల
```

మూడో వాక్యం చూడండి. "రమ కంటే" మూసేస్తే "హరి పొట్టి" మిగిలింది, కాబట్టి హరి కుడి వైపుకు వెళ్లాడు. మొదటి వాక్యమూ "రమ కంటే" అనే మొదలైంది, కానీ అక్కడ రమ కుడి వైపుంది. రెండు వాక్యాలూ పైకి ఒకేలా కనిపిస్తాయి, చివరి మాటే తేడా. కంగారులో చదివేవాళ్లు మూడోదాన్ని హ > ర అని రాస్తారు.

ఇప్పుడు కొట్టివేత. మొదటి గీతతో గోపి పోయాడు. రెండో గీతతో హరి, లత పోయారు. మూడోదానితో రమ పోయింది. నాలుగో గీతలో గోపి ముందే పోయాడు, సోము ఇప్పుడు పోయాడు. మిగిలింది మణి ఒక్కరే. అందరికంటే పొట్టి మణి.

అందరినీ వరుసలో పెట్టే ప్రయత్నం చేసి ఉంటే ఏమయ్యేదో కూడా చూడండి. గో > ర > హ > ల > మ అని అయిదుగురు చక్కగా కుదురుతారు. సోము దగ్గరే చిక్కు. అతను గోపికి, లతకు మధ్య ఎక్కడో ఉన్నాడని మాత్రమే తెలుసు. రమకు పైన ఉండొచ్చు, రమకూ హరికీ మధ్య ఉండొచ్చు, హరికి కింద ఉండొచ్చు. మూడు వరుసలూ ఇచ్చిన వాక్యాలన్నిటికీ సరిపోతాయి. మూడింట్లోనూ అడుగున మణే ఉంది కాబట్టి అడిగినదానికి ఆ చిక్కుతో పనే లేదు.

ప్రశ్న కొంచెం మారిస్తే

ఇదే లెక్కలో "అందరికంటే పొడుగు ఎవరు?" అంటే గుర్తుకు కుడి పక్కన వచ్చినవాళ్లను కొట్టేయండి. రమ, లత, మణి, హరి, సోము పోయి గోపి మిగులుతాడు. కొత్త జాబితా రాసుకుని కొట్టండి. పాత జాబితా మీదే కొడితే ఏ కొట్టివేత దేనికోసమో కలిసిపోతుంది.

"కింది నుంచి రెండోవాళ్లు ఎవరు?" అంటే మణిని జాబితాలోంచి, గీతల్లోంచి పూర్తిగా తీసేసి మళ్లీ మొదటినుంచి కొట్టండి. హ > ల > మ అన్నది హ > ల అయిపోతుంది. ఈసారి గోపి, హరి, రమ, సోము పోయి లత మిగులుతుంది. జవాబు లత. ఇంకో మెట్టు ఎక్కి కింది నుంచి మూడోవాళ్లు కావాలంటే లతను కూడా తీసేయాలి. మిగిలిన గీతలు గో > ర, ర > హ, గో > సో. గోపి, రమ పోతారు, హరి, సోము మిగులుతారు. ఇద్దరున్నారు కాబట్టి మూడోవాళ్లెవరో చెప్పలేం. ఒకే లెక్కలో ఒక ప్రశ్నకు జవాబుండి, పక్క ప్రశ్నకు లేకపోవడం ఇలాగే జరుగుతుంది.

ఈ ఖాళీని పూరించడానికే కొన్ని లెక్కల్లో అదనంగా ఒక లెక్కింపు వాక్యం ఇస్తారు. "సోము కంటే పొట్టివాళ్లు ముగ్గురే" అన్నారనుకోండి. అతను కింది నుంచి నాలుగోవాడు. మణి, లత, ఇంకొకరు కింద ఉండాలి. ఆ ఇంకొకరు గోపి కాలేడు. రమ కావాలంటే ఆమె కంటే పొట్టి అయిన హరి కూడా సోము కిందే ఉండాలి, అప్పుడు నలుగురవుతారు. కాబట్టి హరే. మొత్తం వరుస గో > ర > సో > హ > ల > మ అని తేలిపోతుంది. ఇలాంటి వాక్యంలో స్థానం పైనుంచి లెక్కపెట్టాలా, కింది నుంచా అన్నది చదవగానే పక్కన రాసుకోండి. "ఎత్తులో మూడోవాడు" అంటే పైనుంచి మూడు, "పొట్టివాళ్లలో మూడోవాడు" అంటే కింది నుంచి మూడు. ఆరుగురిలో పైనుంచి మూడోవాడు కింది నుంచి నాలుగోవాడు అవుతాడని మరిచిపోవద్దు.

ఇద్దరు మిగిలినప్పుడు

పై లెక్కలో రెండో వాక్యాన్ని "లత, మణి ఇద్దరి కంటే హరి పొడుగు" అని మార్చామనుకుందాం. ఇప్పుడు గీతలు హ > ల, హ > మ. కొట్టివేతలో గోపి, రమ, హరి, సోము పోతారు, లత, మణి మిగులుతారు. ఇక్కడ చాలామంది చేసే పని, ఇద్దరూ హరి కిందే ఉన్నారు కదా అని ఏదో ఒక వరుస వేసి, చివర పడ్డ పేరును జవాబుగా రాయడం. హరి ఇద్దరి కంటే పొడుగన్నంత మాత్రాన ఆ ఇద్దరి మధ్య ఏమీ తెలియదు. గుర్తులు ఒకదాని కొస ఇంకోదానికి తగిలితేనే పోలిక ముందుకు సాగుతుంది. ఒకే పేరు నుంచి రెండు పక్కలకు చీలితే ఆ రెండు కొమ్మలకూ సంబంధం లేదు. ఒకే పేరు కింద వచ్చి కలిసే గో > ల, సో > ల లాంటి గీతలదీ అదే సంగతి, గోపికీ సోముకీ మధ్య పోలిక రాదు.

నమ్మకం కుదరకపోతే రెండు వరుసలు వేసి చూడండి. ఒకదానిలో లత అడుగున, ఇంకోదానిలో మణి అడుగున. రెండూ అన్ని వాక్యాలకూ సరిపోతే "చెప్పలేం" అన్న ఐచ్ఛికమే జవాబు. ఆ ఐచ్ఛికం ఇవ్వకుండా నాలుగు పేర్లే ఇచ్చి ఉంటే మాత్రం మీరు ఏదో వాక్యం వదిలేశారు. "కానీ" తర్వాతి ముక్కే వదిలిపోయి ఉంటుంది చాలాసార్లు.

ఇంకో చిన్న చిట్కా. ఒక్కో > గుర్తు కొత్తగా ఒక్కరినే కొట్టగలదు. ఆరుగురిలో ఒక్కరు మిగలాలంటే అయిదుగురు పోవాలి, అంటే కనీసం అయిదు గుర్తులు కావాలి. మీ కాగితం మీద నాలుగే ఉంటే మిగతా పని చేయకుండానే "చెప్పలేం" అనొచ్చు. పై లెక్కలో గుర్తులు ఆరు. గుర్తులు చాలినన్ని ఉన్నంత మాత్రాన జవాబు ఉన్నట్టు కాదు, ఎందుకంటే గోపిలా ఒకే మనిషి రెండుసార్లు కొట్టివేతలో రావచ్చు. "ముగ్గురే పొట్టి", "ఇద్దరూ ఒకే ఎత్తు" వంటి వాక్యాలున్న లెక్కకు ఈ చిట్కా వాడకండి. అలాంటి ఒక్క వాక్యం పలువురి సంగతి తేల్చేయగలదు.

ఒకే ఎత్తు, ఒకే బరువు

"రమ, హరి ఒకే ఎత్తు" అని ఉంటే జాబితాలో ఇద్దర్నీ ఒకే గడిలో పెట్టి ఒక్క మనిషిగా చూడండి. ఒకరు పోతే ఇద్దరూ పోయినట్టే. ఆ గడి ఒక్కటే చివరికి మిగిలితే, అందరికంటే పొట్టి ఇద్దరు అని అర్థం. ఒక్క పేరే అడిగిన ప్రశ్నలో అలా వచ్చిందంటే గుర్తులు మరోసారి సరిచూసుకోవడం మంచిది.

ఎత్తూ బరువూ కలిపి అడిగితే

"గోపి రమ కంటే పొడుగు, కానీ బరువులో ఆమె కంటే తక్కువ" లాంటి వాక్యాలుంటే కాగితాన్ని నిలువుగా రెండు భాగాలు చేయండి. ఎడమ భాగం ఎత్తుకు, కుడి భాగం బరువుకు. ఈ వాక్యం ఎడమ భాగంలో గో > ర అవుతుంది, కుడి భాగంలో ర > గో. పేర్ల జాబితా కూడా రెండుసార్లు రాసుకోండి. పొడుగైనవాళ్లు బరువు కూడా ఎక్కువుంటారని లెక్కలో ఎక్కడా చెప్పరు, ఒక భాగంలోని గీతను రెండో భాగంలోకి తెచ్చుకోకూడదు. బరువు వాక్యాల్లో "తేలిక" అని ఉన్నప్పుడు "పొట్టి"ని మార్చినట్టే మార్చండి, బరువైనవాళ్లు ఎడమకు.

బరువు లెక్కల్లోనే ఇంకో రకం ఉంది: "రమ, సోము కలిపి లత, హరి కలిపినదాని కంటే బరువు." ఈ వాక్యంతో ఎవరినీ కొట్టేయలేం. మొత్తం ఎక్కువైనా రమ ఒక్కతే అందరికంటే తేలిక కావచ్చు, సోము బరువు ఆ లోటు పూడ్చి ఉండవచ్చు. మొత్తాల పోలికలు కనిపిస్తే ఈ పద్ధతి వదిలేసి సమీకరణాలు రాసుకోవాలి.

ఏ సమాచారం సరిపోతుంది అని అడిగితే

కొన్ని పరీక్షల్లో జవాబు అడగరు. రెండు ప్రకటనలిచ్చి మొదటిది ఒక్కటే చాలా, రెండోది ఒక్కటే చాలా, రెండూ కలిపితేనే తేలుతుందా అని అడుగుతారు. గోపి, రమ, సోము, లత, హరి అయిదుగురిలో పొట్టి ఎవరో తేలాలి. మొదటి ప్రకటన: సోము గోపి కంటే పొట్టి, రమ కంటే పొడుగు. రెండోది: హరి కంటే, రమ కంటే కూడా లత పొట్టి.

రెండు జాబితాలు విడివిడిగా రాసి కొట్టండి. మొదటి ప్రకటన గో > సో > ర. గోపి, సోము పోతే రమ, లత, హరి మిగులుతారు. రెండోది హ > ల, ర > ల. హరి, రమ పోతే గోపి, సోము, లత మిగులుతారు. ఒక్కోదానితో ముగ్గురేసి మిగిలారు కాబట్టి ఏదీ ఒంటరిగా చాలదు. కలిపినప్పుడు మళ్లీ లెక్క చేయక్కర్లేదు. రెండు జాబితాల్లోనూ కొట్టేయకుండా మిగిలింది ఎవరో చూస్తే చాలు. లత ఒక్కతే రెండింట్లోనూ ఉంది, కాబట్టి రెండూ కలిపితేనే తేలుతుంది. మొదటి ప్రకటనలో లత పేరే లేదు, అయినా ఆ జాబితాలో ఆమెను ఉంచాం కాబట్టే ఈ జవాబు వచ్చింది.